ధర పెరిగితే ఒప్పందం నుంచి తప్పుకోవచ్చా?

శ్రీ విజయపురం (పూర్వపు పోర్ట్ బ్లెయిర్) నగరంలోని గోల్ ఘర్‌కు టైల్స్ వంటి సరుకు ప్రధాన భూభాగం నుంచి సముద్రం దాటి రావాలి. అక్కడి దుకాణదారుకు నెలాఖరులోగా 500 పెట్టెల టైల్స్ చేరుస్తానని విశాఖపట్నం వర్తకుడొకరు ఒప్పుకున్నారనుకుందాం. తుపాను వల్ల నౌక కదలలేదు. తరువాతి నౌకకు రవాణా ఖర్చు రెట్టింపైంది. రెండింటికీ ఆయన ‘మా చేతుల్లో లేదు’ అనే అంటారు. వాడుకలో ఆ మాట రెండింటికీ చెల్లుతుంది, చట్టంలో చెల్లదు.

భారత ఒప్పందాల చట్టం, 1872 ఇందుకు రెండు దారులు చూపుతుంది. ఊహించని విపత్తు వస్తే ఏం చేయాలో ఒప్పందంలోనే రాసుకుంటే అది ఫోర్స్ మెజ్యూర్ నిబంధన. దానికి 32వ సెక్షన్ వర్తిస్తుంది. అలాంటి నిబంధన లేనప్పుడు, పని అసాధ్యమైపోతే 56వ సెక్షన్ ప్రకారం ఒప్పందం నిష్ఫలమై రద్దవుతుంది. అసాధ్యం కావడం వేరు, భారం కావడం వేరు. వివాదాలన్నీ ఇక్కడే.

నెల్లూరు జిల్లా కృష్ణపట్నంలో తలపెట్టిన సుమారు 4 వేల మెగావాట్ల విద్యుత్ కేంద్రం ఇందుకు మంచి ఉదాహరణ. నాలుగు రాష్ట్రాల పంపిణీ సంస్థలకు విద్యుత్తు అమ్మేందుకు రిలయన్స్ పవర్ అనుబంధ సంస్థ కోస్టల్ ఆంధ్రా పవర్ 2007లో ఒప్పందం చేసుకుంది. ఇండొనేషియా బొగ్గుపై ఆధారపడింది. ఆ దేశం 2010లో ఎగుమతి బొగ్గును ప్రామాణిక ధరకే అమ్మాలని నిబంధన తెచ్చింది. లెక్కలు తలకిందులయ్యాయంటూ కంపెనీ పనులు ఆపింది. పంపిణీ సంస్థలు బ్యాంకు గ్యారంటీల సొమ్ము రాబట్టుకోబోగా, వాటిని నిలువరించేందుకు ఢిల్లీ హైకోర్టు 2012 జులైలో నిరాకరించింది.

ఇదే బొగ్గుపై గుజరాత్‌లోని ముంద్రా కేంద్రాల వివాదంలో సుప్రీంకోర్టు 2017 ఏప్రిల్ 11న తీర్పునిచ్చింది. ఒప్పందంలోని ఫోర్స్ మెజ్యూర్ నిబంధన ఇంధన ధర మార్పును స్పష్టంగా మినహాయించింది. ఫలానా దేశపు బొగ్గే ఒప్పందానికి పునాది అని అందులో ఎక్కడా లేదు. బొగ్గు దొరుకుతూనే ఉంది, ఖరీదెక్కిందంతే. అందువల్ల ఫోర్స్ మెజ్యూర్ గానీ, నిష్ఫలత గానీ వర్తించవని ధర్మాసనం తేల్చింది. అయితే దేశీయ బొగ్గు సరఫరా విధానం మారినంత మేరకు, ‘చట్టంలో మార్పు’ అనే వేరొక నిబంధన కింద ఊరట దక్కింది. ఈ తేడాను చాలామంది గమనించరు.

ఈ కొలమానంతో టైల్స్ బేరాన్ని చూస్తే, రెట్టింపైన రవాణా ఖర్చు వర్తకుడిదే. తుపాను సంగతి ఒప్పందంలో రాసుకున్న మాటలను బట్టి ఉంటుంది: తుపాను పేరు అందులో ఉందా, గడువు పొడిగిస్తుందా లేక రద్దుకు వీలిస్తుందా, ఎన్ని రోజుల్లో నోటీసు ఇవ్వాలి? నోటీసు గడువు దాటితే సరైన కారణమున్నా వాదన బలహీనపడుతుంది. నిబంధనే లేకపోతే, నౌక పది రోజులు ఆలస్యమైనంత మాత్రాన 56వ సెక్షన్ సాధారణంగా ఆదుకోదు. ఒప్పందం నిజంగానే నిష్ఫలమైతే మాత్రం, దుకాణదారు ఇచ్చిన బయానాను 65వ సెక్షన్ ప్రకారం వర్తకుడు తిరిగి చెల్లించాలి.