బ్రోకర్‌కు ఎంతివ్వాలి? ఇద్దరికీ ఒకే లెక్క

హైదరాబాద్‌లో పాత ఫ్లాట్ చేతులు మారుతుంటే బ్రోకర్ నోట వినిపించే మాట దాదాపు ఒకటే: "ఆ సైడు వన్ పర్సెంట్, ఈ సైడు వన్ పర్సెంట్." చిన్న ప్లాట్లయితే చెరో రెండు శాతం అడిగేవాళ్లూ ఉన్నారు. ఇది చట్టం పెట్టిన రేటు కాదు, బజారు అలవాటు. 2016 నాటి రెరా చట్టం కొత్త ప్రాజెక్టుల్లో అమ్మకాలు చేయించే ఏజెంట్లు రిజిస్టర్ కావాలని చెప్పింది గానీ, వాళ్ల కమీషన్ ఇంత ఉండాలని చెప్పలేదు. కాబట్టి ఆ శాతం బేరమాడదగ్గదే. అయితే చాలామంది ఆ ఒక్క శాతాన్ని అరకు తగ్గించడానికి గంటసేపు బేరమాడతారు, అంతకన్నా పెద్ద మొత్తం వేరే దారిన పోతుంటే చూసుకోరు.

ఒక లెక్క వేద్దాం. ఫ్లాట్ ధర 80 లక్షలకు కుదిరింది. చెరో ఒక శాతమంటే కొనేవాళ్లు 80 వేలు, అమ్మేవాళ్లు 80 వేలు ఇస్తారు. రిజిస్ట్రేషన్ ఖర్చులు పక్కన పెడితే కొనేవాళ్ల జేబులోంచి 80 లక్షల 80 వేలు పోయింది, అమ్మేవాళ్లకు 79 లక్షల 20 వేలు మిగిలింది. మధ్యలో ఆగిన డబ్బు 1 లక్షా 60 వేలు. బ్రోకర్ సంపాదన అదే. ఎవరు ఎంతిచ్చారన్నది తర్వాతి సంగతి, ముందు ఈ తేడా ఎంతో ఇద్దరికీ తెలియాలి.

ఇదే ఫ్లాట్ ఇంకో రకంగా అమ్ముడుపోతుంది. ఇంటాయన తొందరలో ఉండి, "అన్నా, నాకు డెబ్బై ఎనిమిది చేతికొస్తే చాలు, పైన ఎంతకు అమ్ముకుంటవో నీ ఇష్టం" అంటాడు. దీన్నే బజారులో నెట్ రేటు అంటారు. తన చేతి నుంచి కమీషన్ పడటం లేదు కదా అని ఆయన సంతోషం. బ్రోకర్ 83 లక్షలకు పార్టీని పట్టుకుని, ఆ పార్టీ దగ్గర ఒక శాతం కింద మరో 83 వేలు తీసుకుంటాడు. ఇప్పుడు తేడా లెక్క వేయండి. కొనేవాళ్లు ఇచ్చింది 83 లక్షల 83 వేలు, అమ్మినాయనకు వచ్చింది 78 లక్షలు. మధ్యలో ఆగింది 5 లక్షల 83 వేలు. ధరలో అది ఏడు శాతం. కొన్నవాళ్లు మాత్రం ఒక్క శాతమే ఇచ్చామనుకుంటారు, అమ్మినాయన ఒక్క రూపాయీ ఇవ్వలేదనుకుంటాడు.

1872 నాటి కాంట్రాక్టు చట్టం ప్రకారం, పని అప్పగించిన మనిషికి తెలియకుండా ఏజెంటు ఆ వ్యవహారాన్ని సొంత లెక్కలో నడిపి లాభపడితే, ఆ లాభం తనదని అడిగే హక్కు ఆ మనిషికి ఉంది. కానీ నోరారా "పైది నీదే" అన్నాక ఆ హక్కు నిలబెట్టుకోవడం కష్టం. అందుకే నెట్ రేటు మాట ఇవ్వొద్దంటాను. ఇవ్వక తప్పకపోతే పైదానికీ ఒక హద్దు కట్టాలి.

ఇలాంటిది జరుగుతోందని ఎలా పసిగట్టాలి? అగ్రిమెంటు రోజు దాకా ఇరు పార్టీలనూ కలవనివ్వరు. బయానా డబ్బు ఓనరు ఖాతాకు కాకుండా తన చేతికి ఇవ్వమంటారు. భూముల డీల్స్‌లో అయితే బ్రోకరే కొంత బయానా కట్టి, తన పేరుతోనో తన మనిషి పేరుతోనో అగ్రిమెంటు రాయించుకుని, దాన్ని ఎక్కువ ధరకు మరొకరికి మళ్లిస్తాడు. అలా చేసినవాడు ఇక మధ్యవర్తి కాదు, ఎదుటి పార్టీ. ఎదుటి పార్టీకి కమీషన్ ఎవరూ ఇవ్వక్కర్లేదు.

ఇక న్యాయమైన శాతం ఏది? ధర పెరిగినంత మాత్రాన పని అంతే లెక్కన పెరగదు. 30 లక్షల ప్లాటుకైనా, మూడు కోట్ల ఇంటికైనా ఈసీ తీయించాలి, లింకు డాక్యుమెంట్లు సరిచూపించాలి, పార్టీలను తిప్పాలి, బ్యాంకు లోను కదిలేదాకా ఫోన్లు చేయాలి. 30 లక్షల మీద ఒక శాతమంటే 30 వేలు. నెలల తరబడి తిరిగిన మనిషికి అది తక్కువే, ఎందుకంటే చూపించిన ఇళ్లలో చాలావాటికి అతనికి పైసా రాదు. అక్కడ రెండు శాతం అడిగితే తప్పనలేం. మూడు కోట్ల మీద చెరో శాతమంటే ఆరు లక్షలు. అక్కడ అర శాతానికి దిగమనడం అన్యాయం కాదు. ఒక ఫోన్ నంబరు ఇచ్చి తప్పుకున్నవాడికీ, రిజిస్ట్రేషన్ అయ్యాక కరెంటు మీటరు పేరు మార్పిడి దాకా వెంట ఉన్నవాడికీ ఒకే రేటు ఉండకూడదు.

శాతంలో ఇంకో చిక్కుంది. అమ్మే ఆయన ధరను మరో లక్ష పెంచితే బ్రోకర్‌కు ఒక శాతం లెక్కన అదనంగా వచ్చేది వెయ్యి రూపాయలే. ఆ వెయ్యి కోసం డీల్ చెడగొట్టుకోడు, ఎంతకో అంతకు త్వరగా ముగిద్దామనే చూస్తాడు. అదే "80 లక్షల దాకా ఒక శాతం, ఆపైన వచ్చినదాంట్లో పది శాతం" అంటే ఆ లక్ష మీద పదివేలు వస్తాయి, కాబట్టి ఇంకో పార్టీని చూపిస్తాడు. కానీ ఈ ఏర్పాటు చేసుకున్న బ్రోకర్ కొనేవాళ్ల దగ్గరా కమీషన్ తీసుకోకూడదు. ధర పెరిగితే లాభపడే మనిషి, ధర తగ్గించమని మీ తరఫున ఎలా మాట్లాడతాడు? కొనేవాళ్లకు నా సలహా వేరు: శాతం మాట వదిలేసి, ఇల్లు చూడకముందే మీ బడ్జెట్‌ను బట్టి ఒక అంకె ఖాయం చేసుకోండి. 75 వేలంటే 75 వేలే, ధర ఎంతకు కుదిరినా సరే.

నిజాయితీగల బ్రోకర్ ఇద్దరికీ చెప్పాల్సింది ఒక కాగితం మీద ఇమిడిపోతుంది: ఆ సైడు ఎంత, ఈ సైడు ఎంత, మధ్యలో ఇంకెవరైనా వాటాదారులుంటే ఆ వాటా ఇందులోంచే పోతుందా, విడిగానా. ఆ కాగితం ఇద్దరికీ ఒకేలా ఇవ్వాలి. ఒకరికి చూపించి మరొకరికి దాచాల్సిన అంకె అందులో ఉందంటే, ఆ అంకెలోనే ఏదో తేడా ఉంది.

ఎప్పుడివ్వాలో కూడా ముందే రాసుకోవాలి. ప్రత్యేక ఒప్పందం లేకపోతే, అప్పగించిన పని పూర్తయ్యేదాకా ఏజెంటు ప్రతిఫలం చెల్లించాల్సినది కాదని కాంట్రాక్టు చట్టమే చెబుతోంది. వాడుకలో సగం అగ్రిమెంటు నాడు, సగం రిజిస్ట్రేషన్ నాడు ఇస్తారు. టైటిల్‌లో చిక్కు బయటపడి డీల్ ఆగితే తీసుకున్న సగం వెనక్కివ్వాలనీ, కొనేవాళ్లే మనసు మార్చుకుంటే వాళ్లిచ్చిన సగం బ్రోకర్‌దేననీ రాసుకుంటే తర్వాత గొడవ ఉండదు.

కమీషన్ మీద 18 శాతం జీఎస్టీ అడిగితే బిల్లు మీద జీఎస్టీ నంబరు ఉందో లేదో చూడండి. నంబరు లేని బ్రోకర్ ఆ పన్ను వసూలు చేయకూడదు. డబ్బు బ్యాంకు ద్వారానే ఇచ్చి రసీదు తీసుకోండి. అమ్మిన ఆస్తి మీద లాభం వస్తే, ఆ అమ్మకం కోసం ఇచ్చిన బ్రోకరేజీని లాభంలోంచి తీసేసి మిగతాదానికే ఆదాయపు పన్ను కట్టవచ్చు. రసీదు లేకపోతే ఆ ఖర్చు చూపించుకోలేరు.