వైఫై ఉంది, ఒక్క సైటూ తెరుచుకోదు

ఇంట్లో చక్కగా పనిచేసిన ల్యాప్‌టాప్‌ను హాస్టల్ వైఫైకి కలపగానే క్రోమ్‌లో ఒక్క పేజీ కూడా రాదు. వికీపీడియా లేదు, బ్యాంకు లేదు, చివరికి కాలేజీ సైటు కూడా లేదు. అదే వైఫై మీద ఫోన్లో వాట్సాప్ సందేశాలు వచ్చి పడుతుంటాయి. తెర మీద బూడిదరంగు అక్షరాల్లో `DNS_PROBE_FINISHED_BAD_SECURE_CONFIG` అని ఉంటుంది. చాలామంది రూటర్ ఆపి మళ్లీ వేస్తారు, వైరస్ అనుకుంటారు. నిజానికి ఇక్కడ చెడిపోయిన వస్తువంటూ ఏదీ లేదు. ఆగిపొమ్మని చెప్పిన చోట బ్రౌజర్ ఆగింది, అంతే.

ఎందుకు ఆగిందో తెలియాలంటే 1983కు వెళ్లాలి. సైటు పేరును కంప్యూటర్లకు అర్థమయ్యే అంకెల చిరునామాగా మార్చే డీఎన్ఎస్ పద్ధతిని పాల్ మొకపెట్రిస్ ఆ ఏడాది రూపొందించాడు. అప్పటి నెట్ చిన్నది, వాడేవాళ్లు ఒకరికొకరు తెలిసినవాళ్లు. అందుకే ప్రశ్న, జవాబు రెండూ దాపరికం లేకుండా 53వ పోర్టు మీదుగా నడిచేవి. పోస్టుకార్డు మీద రాసిన ఉత్తరంలా, దారిలో ఉన్న ఎవరైనా చదవొచ్చు, దిద్దొచ్చు కూడా.

ఈ ప్రశ్నలను బ్రౌజర్లు గుప్తంగా పంపే పద్ధతికి ప్రమాణం రావడానికి దాదాపు ముప్పై అయిదేళ్లు పట్టింది. 2018 అక్టోబరులో పాల్ హాఫ్‌మన్, ప్యాట్రిక్ మెక్‌మానస్ రాసిన ఆర్‌ఎఫ్‌సీ 8484 వెలువడింది. డీఎన్ఎస్ ప్రశ్నను మామూలు సురక్షిత వెబ్ పేజీల్లాగే 443వ పోర్టులో, గుప్తంగా పంపే పద్ధతి అది. బయటినుంచి చూసేవాడికి అది మరో వెబ్ రాకపోకలాగే కనిపిస్తుంది.

నెట్‌వర్కులు నడిపేవాళ్లకు ఇది రుచించలేదు. 2019లో బ్రిటన్‌లోని ఇంటర్నెట్ సంస్థల సంఘం, ఈ పద్ధతిని ముందుకు తెస్తున్నందుకు మొజిల్లాను ‘ఇంటర్నెట్ విలన్’ బిరుదుకు ప్రతిపాదించింది. విమర్శలు రాగానే వెనక్కి తీసుకుంది. అయితే వాళ్ల ఆందోళనలో పస లేకపోలేదు. పిల్లలకు తగని సైట్లను ఆపే వడపోతలు ఎక్కువగా డీఎన్ఎస్ మీదే ఆధారపడతాయి. ఆఫీసులోపలే పనిచేసే సైట్ల పేర్లు బయటి సర్వర్లకు తెలియవు. మొజిల్లా ఒక సర్దుబాటు చేసింది: `use-application-dns.net` అనే పేరుకు నెట్‌వర్కు ‘అలాంటిది లేదు’ అని చెబితే, ఫైర్‌ఫాక్స్ తనంతట తాను ఈ సౌకర్యాన్ని ఆన్ చేయదు. వాడుకరి సెట్టింగ్స్‌లోకి వెళ్లి స్వయంగా ఎంచుకుంటే మాత్రం ఆ సంకేతాన్ని పట్టించుకోదు.

అసలు చిక్కు ఆ స్వయంగా ఎంచుకోవడంలోనే ఉంది.

క్రోమ్‌ను దాని మానాన వదిలేస్తే సురక్షిత మార్గం దొరికితే వాడుతుంది, లేకపోతే పాత మార్గానికి దిగుతుంది. జాబితాలోంచి గూగుల్‌నో క్లౌడ్‌ఫ్లేర్‌నో ప్రత్యేకంగా ఎంచుకున్నాక ఆ దిగడం ఉండదు. ఫైర్‌ఫాక్స్‌లో అత్యధిక రక్షణ అనే స్థాయి, అంటే `network.trr.mode` విలువ 3, చేసేదీ అదే. ఇది మొండితనంలా కనిపించినా కారణం సరైనదే: అడ్డం పడితే చాలు గుప్తత వదిలేసే బ్రౌజర్ అయితే, పేర్లు చదవాలనుకున్నవాడు చేయాల్సిందల్లా ఒక అడ్డం పెట్టడమే.

హాస్టల్ ఫైర్‌వాల్ ఆ అడ్డాన్ని రెండు చోట్ల పెట్టగలదు. సురక్షిత సర్వర్‌ను చేరాలంటే ముందు దాని పేరుకే చిరునామా కావాలి, ఆ మొదటి ప్రశ్న చాలాసార్లు మామూలు డీఎన్ఎస్‌కే వెళ్తుంది. అక్కడ జవాబు ఇవ్వకపోతే కథ ముగిసినట్టే. లేదా చిరునామా ఇచ్చి, దానివైపు వెళ్లే ప్యాకెట్లను పారేయవచ్చు. క్రోమ్‌లో గూగుల్‌ను ఎంచుకున్న ల్యాప్‌టాప్‌లో, కమాండ్ విండో తెరిచి రెండు వరుసలు కొడితే తేడా బయటపడుతుంది:

```
nslookup wikipedia.org
nslookup dns.google
```

ఈ ఆదేశం బ్రౌజర్ సెట్టింగును కాదు, సిస్టమ్ డీఎన్ఎస్‌ను అడుగుతుంది. మొదటి వరుసకు చిరునామా వచ్చిందంటే నెట్‌వర్కు బాగానే ఉంది, తంటా బ్రౌజర్ ఎంపికది. రెండోదానికి జవాబు రాకపోతే పేరు దగ్గరే ఆపారు. `8.8.8.8` లాంటి సరైన చిరునామాలు వచ్చినా పేజీలు రాకపోతే అడ్డం ఆపైన ఉంది. `192.168.1.1` వంటి రూటర్ పేజీ అంకెలతో కొడితే తెరుచుకోవడం మరో గుర్తు, దానికి పేరు వెతకాల్సిన పనే లేదు. ఫోన్ హాట్‌స్పాట్‌కు మారగానే అన్నీ వచ్చాయంటే అనుమానం తీరినట్టే.

క్రోమ్‌లో `chrome://settings/security` తెరిచి సురక్షిత డీఎన్ఎస్ దగ్గర ప్రత్యేక సంస్థకు బదులు సిస్టమ్ డిఫాల్ట్ ఎంపికకు మార్చితే సైట్లు వెంటనే తెరుచుకుంటాయి. దానికి మూల్యం ఉంది: ఏ సైటు పేరు అడిగారో ఆ నెట్‌వర్కుకు మళ్లీ కనిపిస్తుంది. ఆండ్రాయిడ్ 9 నుంచి ఫోన్లలో ఉన్న ప్రైవేట్ డీఎన్ఎస్‌లో సర్వర్ పేరు చేత్తో రాసి పెట్టినా సైట్లు ఇలాగే ఆగిపోతాయి. అది ఎక్కువగా 853వ పోర్టు వాడుతుంది కనుక దాన్ని మూయడం ఇంకా తేలిక. పైగా ఆ సెట్టింగు ఫోన్ మొత్తానికీ వర్తిస్తుంది, అప్పుడు వాట్సాప్ కూడా రాకపోవచ్చు.