పొడవాటి న్యూస్‌లెటర్‌ను ఫోన్ డైజెస్ట్‌గా కుదించడం ఇలా
సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ కుర్రాళ్లకు మా ఫ్రెండ్ వారం వారం పంపే గ్యాడ్జెట్ న్యూస్‌లెటర్‌ను ఫోన్‌కి సరిపోయేలా కుదించా. అందులో 12 వార్తలున్నాయి. మెయిల్ కోడ్ సుమారు 102 కేబీ దాటితే జీమెయిల్ మిగతాది దాచేస్తుంది. అప్పుడు చివర్లో ఉండే అన్‌సబ్‌స్క్రైబ్ లింక్ కూడా కనపడదు. సర్వర్ నుంచి లోడయ్యే ఫొటోలు ఈ లెక్కలోకి రావు. తగ్గించాల్సింది టెక్స్ట్, స్టైల్ కోడ్, పొడవాటి లింకులు.

అందుకే ఎక్కువమందికి పనికొచ్చే సెక్యూరిటీ అప్‌డేట్‌ను టాప్ స్టోరీ చేసి మూడు వాక్యాల్లో రాశా. మరో నాలుగు వార్తలకు రెండేసి లైన్లు ఇచ్చి, మిగతా ఏడూ తీసేశా. ఒక్కో వార్తకు ఒకే లింక్. “ఏ ఫోన్లకు వచ్చిందో చూడండి” అన్నట్టు, నొక్కితే ఏం దొరుకుతుందో ఆ లింకే చెప్పాలి.

పంపేముందు మీ జీమెయిల్‌కే ఒక టెస్ట్ మెయిల్ కొట్టి, ఫోన్‌లో చివరిదాకా స్క్రోల్ చేయండి. అన్‌సబ్‌స్క్రైబ్ లింక్ కనపడితే మెయిల్ మొత్తం వచ్చినట్టే.