ఎవరి రక్తం ఎవరి పేరు మీద

ఆసుపత్రి ల్యాబ్‌లో ఇద్దరి రక్తం తారుమారైతే వెంటనే వచ్చే ప్రశ్న "ఎవరు చేశారు?" అని. క్వాలిటీ విభాగానికి కావలసింది అది కాదు. ఎక్కడ జరిగింది, ఎప్పుడు జరిగింది, ఏ ట్యూబులో ఏముంది అన్నదే వాళ్లకు కావాలి. ఆ సంగతులు పొడిపొడిగా, ఉన్నదున్నట్టు రాస్తే చెయ్యి జారిన చోటు కాగితం మీదే బయటపడుతుంది. ఎలాగో తెలియడానికి, ఇలాంటివి మామూలుగా జరిగే తీరులోనే ఒక ఘటనను అల్లుకుని చూద్దాం.

ఒకే వార్డులో ఇద్దరు లక్ష్ములు ఉన్నారు. 12వ మంచం మీద 58 ఏళ్లావిడ. కిడ్నీ జబ్బు, రక్తహీనత ఉన్నాయి, వారం నుంచీ అక్కడే ఉంది. 14వ మంచం మీద 34 ఏళ్లావిడ. పిత్తాశయంలో రాళ్ల ఆపరేషన్ కోసం రాత్రే చేరింది. తెల్లవారి 6 గంటల 10 నిమిషాలకు ఇద్దరి దగ్గరా రక్తం తీశారు. ఒక్కొక్కరికి రెండేసి ట్యూబులు: రక్తకణాల లెక్కకు ఊదా మూతది, క్రియాటినిన్ వగైరాలకు పసుపు మూతది. లేబుళ్లు ముందే ముద్రించి ట్రేలో పెట్టుకున్నారు. మంచం దగ్గర కాకుండా, నర్సింగ్ స్టేషన్‌కు తిరిగొచ్చాక అతికించారు.

7 గంటల 24 నిమిషాలకు ల్యాబ్ కంప్యూటర్ 12వ మంచం రిపోర్టును ఆపేసింది. నిన్న హిమోగ్లోబిన్ 8.4, ఇవాళ 12.6. ఒక్క రాత్రిలో అంత పెరగాలంటే రక్తం ఎక్కించి ఉండాలి, ఎక్కించలేదు. అంతకంటే గట్టి సాక్ష్యం ఎంసీవీ. ఎర్రకణం సగటు పరిమాణాన్ని చెప్పే అంకె అది. పెద్దవాళ్లలో సాధారణంగా 80 నుంచి 100 ఫెమ్టోలీటర్ల మధ్య ఉంటుంది. ఎర్రకణం దాదాపు 120 రోజులు బతుకుతుంది కాబట్టి, రక్తం ఎక్కిస్తే తప్ప ఆ సగటు రాత్రికి రాత్రి మారదు. నిన్న 72 ఉన్నావిడకు ఇవాళ 91 వచ్చిందంటే ఆ రక్తం ఆమెది కాకపోవడానికే అవకాశం ఎక్కువ. పాత ఫలితంతో కొత్తదాన్ని ఇలా పోల్చి చూడటాన్ని ల్యాబ్‌లో డెల్టా చెక్ అంటారు.

దీనికి ఒక పెద్ద లోటుంది. 14వ మంచం ఆవిడకు పాత రిపోర్టు లేదు, కనుక పోల్చడానికేమీ లేదు. ఆమె పేరున హిమోగ్లోబిన్ 8.3, క్రియాటినిన్ 2.4 అని 7 గంటల 18 నిమిషాలకే కంప్యూటర్ రిపోర్టు పంపేసింది, ఏ హెచ్చరికా మోగలేదు. అది చూసిన డాక్టరు ఆపరేషన్ వాయిదా వేసి, రెండు యూనిట్ల రక్తం కోసం 7 గంటల 40 నిమిషాలకు కాగితం రాశారు. తారుమారులో పట్టుబడేది చాలాసార్లు ఒక సగమే, రెండో సగం చడీచప్పుడు లేకుండా వార్డుకు చేరిపోతుంది. అందుకే ఒక ట్యూబు మీద అనుమానం రాగానే అనుభవమున్న టెక్నీషియన్ దాని జంట కోసం వెతుకుతారు: అదే వార్డు, అదే సమయం, దగ్గరి పేరు. అలా వెతకబట్టే 7 గంటల 50 నిమిషాలకు వార్డుకు ఫోను వెళ్లింది, రక్తం కాగితం ఆగింది.

అప్పుడు అందరికీ తట్టే ఆలోచన ఒకటుంది: రెండు రిపోర్టులూ అటుదిటు, ఇటుదటు మార్చేస్తే సరిపోదా? సరిపోదు. రెండు ట్యూబులూ ఒకదానికొకటి మారాయన్నది ఇంకా ఊహే. మూడో రోగి రక్తం కూడా కలిసి ఉండవచ్చు. కాబట్టి ఆ రిపోర్టులను వెనక్కి తీసుకుని, ఇద్దరి దగ్గరా మళ్లీ రక్తం తీయాలి. పాత ట్యూబులను పారేయకూడదు, విడిగా దాచాలి. వాటితో ఇంకో పరీక్ష చేయవచ్చు. 12వ మంచం ఆవిడది బి పాజిటివ్ అని రికార్డులో ఉంది. ఆమె పేరున్న ఊదా మూత ట్యూబులో ఓ పాజిటివ్ వచ్చింది. ఆ రక్తం ఆమెది కాదన్న సంగతి అక్కడితో తేలిపోయింది. ఇద్దరిదీ ఒకే గ్రూపైతే మాత్రం ఈ పరీక్ష అక్కరకు రాదు. ఇక ముందు పంపిన తప్పు రిపోర్టును కంప్యూటర్లోంచి చెరిపేయరు. సవరించిన రిపోర్టు పక్కనే అదీ ఉండాలి, ఎందుకంటే దాన్ని చూసే డాక్టరు నిర్ణయం తీసుకున్నారు.

ఇక క్వాలిటీ విభాగానికి రాసే నివేదిక. తొందరలో ఉన్నవాళ్లు రాసేది ఇలా ఉంటుంది: "సిబ్బంది నిర్లక్ష్యం వల్ల ఇద్దరు రోగుల శాంపిళ్లు మారిపోయాయి." ఈ వాక్యంలో పనికొచ్చేది ఒక్కటీ లేదు. మారుతుండగా ఎవరూ చూడలేదు, నిర్లక్ష్యం అన్నది తీర్పు. పనికొచ్చే వాక్యం ఇలా ఉంటుంది: "12వ మంచం పేరుతో ఉన్న ఊదా మూత ట్యూబులో ఎంసీవీ 91, అదే రోగికి ముందురోజు 72. మధ్యలో రక్తం ఎక్కించినట్టు రికార్డు లేదు." చూసినదొక చోట, దాన్నిబట్టి అనుకున్నది వేరొక చోట రాయాలి. సిబ్బందిని పేర్లతో కాకుండా చేసే పనితో ప్రస్తావిస్తే చాలు. గడియారాల సంగతీ రాయాలి. వార్డు గడియారం, యంత్రం గడియారం, కంప్యూటర్ గడియారం ఒకేలా నడుస్తాయన్న నమ్మకం లేదు. నాలుగు నిమిషాల తేడా ఉన్నా ఏది ముందు, ఏది వెనక అన్నది తలకిందులవుతుంది.

ఈ పొడి వివరాల్లో అన్నిటికంటే విలువైనది పసుపు మూత ట్యూబు. 12వ మంచం పేరున్న ఆ ట్యూబులో క్రియాటినిన్ 0.8 వచ్చింది, నిన్న 2.3. అంటే రెండు ట్యూబులూ కలిసే మారాయి. ల్యాబ్‌లో ఈ రెండూ వేర్వేరు యంత్రాలకు, వేర్వేరు చేతుల మీదుగా వెళ్తాయి. రెండు చోట్లా ఒకే ఇద్దరి మధ్య పొరపాటు జరగడం అరుదు. కాబట్టి చెయ్యి జారింది ల్యాబ్‌కు రాకముందే, లేబుల్ అతికించే చోటే అనుకోవచ్చు. ఒక్క పసుపు మూత ట్యూబే మారి, ఊదాది సరిగ్గా ఉంటే వేలు ల్యాబ్ వైపు తిరిగేది: సీరమ్‌ను చిన్న ట్యూబులోకి వంచేటప్పుడో, చిరిగిన లేబుల్ మార్చేటప్పుడో జరిగి ఉండాలి. ఈ ఒక్క వివరం నివేదికలో లేకపోతే వార్డు ల్యాబ్‌నూ, ల్యాబ్ వార్డునూ అనుకుంటూ మీటింగులు గడిచిపోతాయి.

మళ్లీ తీసిన రక్తంతో 8 గంటల 50 నిమిషాలకు లెక్క సరిపోయింది. 14వ మంచం ఆవిడ హిమోగ్లోబిన్ 12.5, ఆపరేషన్‌కు అడ్డేమీ లేదు. ఇది తక్షణ సర్దుబాటు మాత్రమే. మన దేశంలో ఎన్‌ఏబీఎల్ గుర్తింపుకు ప్రాతిపదికైన ఐఎస్‌ఓ 15189 ప్రమాణం, సర్దుబాటుతో ఆగకుండా మళ్లీ జరగకుండా కారణాన్ని తొలగించమంటుంది. "సిబ్బందికి శిక్షణ ఇచ్చాం" అని రాసి ఫైలు మూసేయడం మన దగ్గర బాగా అలవాటు. నా దృష్టిలో అది ఏమీ చేయకపోవడమే. ఇక్కడ చేయాల్సినవి రెండే. లేబుల్ మంచం పక్కనే, రక్తం తీసిన వెంటనే, రోగిని వదిలి కదలకముందే అతికించాలి. "లక్ష్మిగారేనా?" అని అడగకుండా "మీ పూర్తి పేరు చెప్పండమ్మా" అని అడిగి, చేతిపట్టీ మీది నంబరుతో సరిచూడాలి. నిద్రమత్తులో ఉన్న మనిషి ఏ పేరు పిలిచినా ఊ కొడుతుంది, పైగా ఇక్కడ ఇద్దరూ లక్ష్ములే.

పని నిజంగా మారిందో లేదో క్వాలిటీ విభాగం వార్డుకు వెళ్లకుండానే కనిపెట్టగలదు. లేబుల్ ముద్రించిన సమయమూ, రక్తం తీసిన సమయమూ రెండూ కంప్యూటర్లో ఉంటాయి. ఒక్కో రోగికీ ఆ రెంటి మధ్య రెండు మూడు నిమిషాలే ఉంటే సరే. వార్డు మొత్తానికి లేబుళ్లన్నీ ఐదున్నరకే ఒక్కసారిగా ముద్రించినట్టు కనిపిస్తే, ట్రే పద్ధతి ఇంకా నడుస్తూనే ఉన్నట్టు లెక్క, ఫైలు మళ్లీ తెరవాల్సిందే.