పన్నెండు వేలు తగ్గించమని అడిగే ఉత్తరం

పటాన్‌చెరులో పదో తరగతి చదివే ఒక అమ్మాయి ఉందనుకుందాం. తండ్రి మందుల కంపెనీ ప్యాకింగ్ సెక్షన్‌లో పనిచేసేవాడు. సెప్టెంబరు 30తో ఆ ఉద్యోగం పోయింది. అమ్మాయి చదివే ప్రైవేటు బడిలో ఏడాది ఫీజు 48 వేలు, మూడు టర్ముల్లో కట్టాలి. జూన్‌లో మొదటి 16 వేలు కట్టారు. దసరా సెలవులు అయ్యేసరికి రెండో టర్ము గడువు ముంచుకొస్తుంది. ఇంట్లో ఇప్పుడు తల్లి కుట్టుపని మీద వచ్చే తొమ్మిది వేలే ఆధారం.

ఇలాంటప్పుడు ప్రిన్సిపాల్‌కు రాసే ఉత్తరం చాలా ఇళ్లలో ఒకే తీరున మొదలవుతుంది. ‘నమస్కరించి వ్రాయునది ఏమనగా, మా నాన్నగారి ఉద్యోగం పోయినందున మేము చాలా కష్టాల్లో ఉన్నాము. దయచేసి ఫీజు మాఫీ చేయగలరు’ అని రాసి సంతకం పెట్టేస్తారు. అందులో అబద్ధం లేదు. కానీ అది చదివిన ప్రిన్సిపాల్‌కు ఏం చేయాలో తెలియదు. ఎంత మాఫీ చేయాలి? ఈ టర్ముకా, ఏడాది మొత్తానికా? మిగతాది ఎప్పుడు కడతారు? జవాబు దొరకని కాగితం బల్ల సొరుగులోకి వెళ్తుంది.

పైగా ఫీజు తగ్గించే అధికారం చాలా బడుల్లో ప్రిన్సిపాల్ చేతిలో ఉండదు. కరస్పాండెంటో, యాజమాన్యమో ఒప్పుకోవాలి. వాళ్లకు ఆ పిల్ల ముఖం కూడా తెలియదు. ప్రిన్సిపాల్ ఆ ఉత్తరాన్నే పైకి పంపిస్తారు కాబట్టి, పక్కన ఎవరూ నిలబడి చెప్పకపోయినా సంగతి మొత్తం అందులోనే అర్థం కావాలి.

ఆ అమ్మాయి ఉత్తరంలో అసలు భాగం ఇలా ఉండవచ్చు:

‘విషయం: తండ్రి ఉద్యోగం పోయినందున ఈ ఏడాది ట్యూషన్ ఫీజులో రాయితీ కోరుతూ. మా నాన్నగారి ఉద్యోగం సెప్టెంబరు 30తో ముగిసింది. జూన్‌లో మొదటి టర్ము రూ.16,000 కట్టాము. మిగిలిన రూ.32,000లో రూ.12,000 తగ్గించమని, తక్కిన రూ.20,000 అక్టోబరు నుంచి ఫిబ్రవరి వరకు నెలకు రూ.4,000 చొప్పున కట్టనివ్వమని వేడుకుంటున్నాను. మా అమ్మగారి సంపాదన నుంచి ఈ మొత్తం కట్టగలము. నాన్నగారికి పని దొరికిన వెంటనే తెలియజేస్తాము.’

కింద ‘ఇట్లు, తమ విధేయురాలు’ అని పేరు, తరగతి, సెక్షన్, రోల్ నంబరు, దాని పక్కన తండ్రి సంతకం. పిల్ల మైనర్ కాబట్టి ఆ సంతకం లేకపోతే డబ్బు సంగతి మీద బడి నిర్ణయం తీసుకోవడం కష్టం. తల్లి సంపాదన దాచకుండా చెప్పడం వల్ల నష్టమేమీ లేదు. నాలుగు వేలు ఎక్కడి నుంచి వస్తాయన్న అనుమానం అక్కడే తీరిపోతుంది. అడిగింది ట్యూషన్ ఫీజులోనే అన్నది కూడా గమనించాలి. బస్సు ఫీజు డీజిల్‌కూ డ్రైవరు జీతానికీ పోయే డబ్బు, అందులో తగ్గించమంటే బడికి కష్టం.

తోడుగా పెట్టే కాగితం దగ్గరే ఎక్కువమంది పొరపడతారు. మీసేవలో దరఖాస్తు చేసి తహసీల్దార్ ఇచ్చే ఆదాయ ధ్రువపత్రం తెచ్చి జతచేస్తారు. కానీ అది ఏడాది ఆదాయం చెప్పే పత్రం. మొన్నటిదాకా జీతం వచ్చిన ఇంటికి అందులో పడే అంకె పాతదే కావచ్చు, అదే ఎదురు తిరుగుతుంది. ఇక్కడ పనికొచ్చేది కంపెనీ ఇచ్చిన రిలీవింగ్ లెటర్. కాంట్రాక్టు కార్మికులకు చాలాసార్లు అది చేతికి రాదు. అప్పుడు చివరి జీతం పడ్డ తేదీ, ఆ తర్వాత పడలేదని కనిపించే బ్యాంకు స్టేట్‌మెంట్ చాలు. పీఎఫ్ ఉంటే పాస్‌బుక్‌లో ఏ నెల జమ ఆగిందో తెలుస్తుంది.

ఫీజు రీయింబర్స్‌మెంట్ ఉంది కదా అని కొందరు ధీమాగా ఉంటారు. అది పది దాటాక చదివే కోర్సులకు. ప్రైవేటు బడిలో పదో తరగతి పిల్లకు అక్కరకు రాదు. కోవిడ్ కాలంలో, 2021 మే 3న, రాజస్థాన్ ప్రైవేటు బడుల కేసులో సుప్రీంకోర్టు 2020-21 ఫీజులో 15 శాతం తగ్గించమంది. కట్టలేని తల్లిదండ్రులు విడిగా అర్జీ పెట్టుకుంటే ఒక్కొక్కరి పరిస్థితినీ సానుభూతితో చూడాలని కూడా చెప్పింది. ఆ తీర్పు ఆ ఏడాదికే. మామూలు రోజుల్లో రాయితీ ఇవ్వడం, ఇవ్వకపోవడం బడి ఇష్టం. అందుకే ఉత్తరం గడువుకు ముందే అందాలి. హాల్ టికెట్ల వేళ ఇస్తే బడి లెక్కలో అది బకాయి కింద పడిపోతుంది, కనికరం ఉన్నవాళ్లకు కూడా అప్పుడు చేయగలిగింది తక్కువ.

రెండు ప్రతులు తీసుకెళ్లి, ఒకదాని మీద ఆఫీసులో తేదీతో ముద్ర వేయించుకోవాలి. ప్రిన్సిపాల్ నోటిమాటగా ‘సరేనమ్మా’ అన్నా, ఎంత తగ్గించారో అదే ప్రతి మీద రాయమని మర్యాదగా అడగవచ్చు. ఫిబ్రవరిలో కౌంటర్ దగ్గర కొత్త గుమస్తా 32 వేల లెక్క తీస్తే, నెలనెలా ఇచ్చిన నాలుగు వేల రసీదులతో పాటు చూపించాల్సింది ఆ కాగితమే.