కొట్టేసిన లైనూ టైపు చేయాలి

నాభ్యంతరం 20 సెంటీమీటర్లు ఉన్న కుంభాకార కటకం ముందు 30 సెంటీమీటర్ల దూరంలో వస్తువును పెడితే ప్రతిబింబం ఎక్కడ ఏర్పడుతుంది? కిరణ చిత్రం గీయండి. పదో తరగతి పిల్లలకు బాగా తెలిసిన లెక్కే ఇది. ఒక జవాబు పత్రంలో దీని కింద ముందు 12 అని వచ్చింది, దాని మీద అడ్డగీత పడింది. కింద మళ్లీ లెక్క చేసి 60 అని రాశారు. పక్కన పెన్సిల్‌తో బొమ్మ. ఈ పేజీని స్కాన్ చేసి, చేతిరాతను టైపు చేసి, కంప్యూటర్ మీద మార్కులు వేసేవారికి పంపాలి. నా మటుకు, టైపు చేసే మనిషి కోసం ఇంతకంటే మంచి పరీక్ష పేపరు లేదు.

టైపు చేశాక ఆ పేజీ ఇలా ఉంటుంది:

```
[కొట్టివేత: 1/v = 1/20 + 1/30, v = 12]
1/v = 1/20 - 1/30 = 1/60
v = 60 సెం.మీ.
[బొమ్మ 1: పేజీ 4, కుడివైపు]
```

వస్తు దూరాన్ని మైనస్ 30గా తీసుకోవాలి. ఆ సంగతి మరిచిపోయి కూడితే 12 వస్తుంది. పొరపాటు గమనించిన విద్యార్థి ఆ లైను కొట్టేసి సరిచేసుకున్నాడు. టైపు చేసేవారు లైను ఉంచి కొట్టివేత గుర్తు మరిచిపోతే, దిద్దేవారి తెర మీద ఒకే ప్రశ్నకు 12, 60 అని రెండు జవాబులు కనిపిస్తాయి. ఏది అసలు జవాబో తేలదు.

ఎలాగూ కొట్టేశాడు కదా, ఆ లైను వదిలేస్తే పోలేదా అని కొత్తగా చేరినవారు అడుగుతారు. వదలకూడదు. కొట్టేసినదానికి మార్కులు ఇవ్వాలా వద్దా అన్నది పరీక్ష పెట్టిన బోర్డు నిర్ణయం. బ్రిటన్‌లో ఎడెక్సెల్ బోర్డు తన మూల్యాంకన సూచనల్లో, విద్యార్థి కొట్టేసిన జవాబుకు బదులుగా వేరే జవాబు రాయకపోతే ఆ కొట్టేసినదాన్నే దిద్దమంటుంది. బదులు జవాబు ఉందో లేదో నాలుగో పేజీ టైపు చేస్తున్న మనిషికి తెలియదు. అది చివర జతచేసిన అడిషనల్ షీటులో ఉండొచ్చు, అసలే లేకపోవచ్చు. అందుకే కనిపించినంతా ఎక్కించి, కొట్టేసిందని మాత్రం చెప్పాలి. గీతల కింద అక్షరాలు ఆనకపోతే `[కొట్టివేత: చదవలేం]` అని రాసి ఆగాలి. ఊహించి నింపకూడదు. అంకె మీద అంకె దిద్దితే కింద ఏముందో, పైన ఏముందో రెండూ రాయాలి.

బొమ్మ దగ్గర ఇబ్బంది వేరు. బొమ్మను టైపు చేయలేం కాబట్టి స్కాన్‌లోంచి ఆ భాగాన్ని కత్తిరించి జతచేసి, కింద చిన్న వివరణ రాస్తారు. పాఠం బాగా వచ్చినవారే ఇక్కడ ఎక్కువగా తప్పు చేస్తారని నా అనుభవం. మన పేపరులో రెండు గీతలు కటకం దాటి ఒకచోట కలిశాయి, అక్కడ కిందికి చూపే బాణం ఉంది. పాఠం తెలిసిన చేయి వెంటనే "2F ఆవల తలకిందులైన పెద్ద ప్రతిబింబం" అని రాసేస్తుంది. కానీ బొమ్మలో 2F అనే గుర్తే లేదు. కిరణాల మీద బాణం గుర్తులూ లేవు. ఆ వివరణ రాస్తే విద్యార్థి రాయని జవాబును మనం రాసిపెట్టినట్టే. ఉండాల్సిన వివరణ ఇది: "రెండు గీతలు F దాటాక కలిశాయి. అక్కడ కిందికి బాణం. రాసిన అక్షరాలు A, B, O, F. కిరణాల మీద బాణం గుర్తులు లేవు." బొమ్మ మొత్తం మీద ఇంటూ గుర్తు కొట్టి ఉంటే ఆ మాట కూడా వివరణలోనే రావాలి. కత్తిరించేటప్పుడు ఇంటూ గీతల కొసలు బయట మిగిలిపోతే, చూసేవారికి అవి అదనపు కిరణాల్లా కనిపిస్తాయి.

తప్పులు పట్టడానికి ఒకే పేజీని ఇద్దరు విడివిడిగా టైపు చేసి పోల్చి చూడటం మంచి పద్ధతి. పని మొదలుపెట్టే ముందే పేజీలో బొమ్మలెన్ని, కొట్టివేతలెన్ని అని లెక్కపెట్టి రాసుకుంటే, చివర లెక్క తప్పినప్పుడు ఎక్కడ వెతకాలో తెలుస్తుంది. పలచని కాగితమైతే వెనక పేజీ సిరా ఇటు దిగి అడ్డగీతలా కనిపిస్తుంది. అప్పుడు వెనక పేజీ స్కాన్‌ను అద్దంలో చూసినట్టు తిప్పి పక్కన పెడితే, ఆ గీత ఎక్కడిదో తేలిపోతుంది.

మన పేపరులో ఇద్దరి ప్రతులూ ఒక్కచోట కలవలేదు. లెక్క చివర "నిజ ప్రతిబింబం" అని ఉంది. ఒకరు దాన్ని కొట్టివేతగా గుర్తించారు, రెండోవారు మామూలు మాటగా టైపు చేశారు. మూలం తెరిచి పెద్దది చేసి చూశాం. గీత అక్షరాల నడుమ నుంచి పోలేదు, అడుగున సాగింది. కిందికి దిగిన ర వత్తును మాత్రమే కోసింది. తెలుగులో వత్తులు లైను కిందికి జారతాయి కాబట్టి, ముఖ్యమైన మాట అని పిల్లలు కింద గీసుకునే గీత తరచూ వాటిని తాకుతుంది. పై లైనులో "కుంభాకార కటకం" కిందా అదే స్కేలుతో గీసిన అలాంటి గీతే ఉంది. కొట్టివేత గుర్తు తీసేశాం.