చదవలేని నోటీసును చెవిన వేయడం ఎలా



మీరు పంపే సొమ్ముతో మన సంఘం పిల్లలకు పుస్తకాలు కొంటుంది, ఫీజులు కడుతుంది. ఆ ఇంటికే ప్రభుత్వం నుంచి న్యాయంగా రావలసిన డబ్బు, కాగితం మీద రాసింది తల్లికి తెలియక ఆగిపోతే మనమిచ్చింది ఒక చేత్తో వచ్చి ఇంకో చేత్తో పోయినట్టే. 2025 జూన్‌లో 'తల్లికి వందనం' కింద ఒక్కో బిడ్డకు 15,000 రూపాయలు లెక్కగట్టి, అందులో 2,000 బడి నిర్వహణకు ఉంచి, 13,000 తల్లి ఖాతాలో వేశారు. ఇద్దరు పిల్లలుంటే 26,000. జీడిపిక్కల పనికి వెళ్లే తల్లికి అది ఎంత పెద్ద మొత్తమో మీకు వేరే చెప్పనక్కర్లేదు.

ఆ డబ్బు పడాలంటే ముందు చేయవలసిన పని ఒకటుంది. దాని గురించి వచ్చే కాగితాల్లో మాటలు దాదాపు ఇలా ఉంటాయి: "లబ్ధిదారులైన తల్లులు తమ బ్యాంకు ఖాతాకు ఆధార్ అనుసంధానం (ఎన్‌పీసీఐ మ్యాపింగ్) గడువులోగా పూర్తి చేయించుకొనవలెను. లేనియెడల నగదు జమ కాజాలదు." ఈ రెండు వాక్యాలను ఒక నిమిషం వాయిస్ మెసేజ్‌గా మార్చడానికి మాకు మూడు ప్రయత్నాలు పట్టాయి. ఎందుకు పట్టాయో చెప్పడమే ఈ వ్యాసం.

మొదటిసారి మేము చేసింది కాగితాన్ని బిగ్గరగా చదవడం. కొంచెం తేలిక చేశాం, అంతే. "అమ్మా, తల్లికి వందనం 13,000 రూపాయలు పడాలంటే ఆధార్ లింక్ చేయించుకోండి" అన్నాం. విన్న తల్లుల్లో ఒకామె పక్కింటావిడతో "డబ్బులు పడ్డాయంట" అని చెప్పింది. తప్పు ఆమెది కాదు. చెవికి ముందు తగిలిన మాట 13,000. ఆ అంకె విన్నాక మనసు బ్యాంకుకు పోయింది, తర్వాతి మాట వినపడలేదు. అప్పటినుంచి డబ్బు మొత్తాన్ని మెసేజ్‌లో పెట్టడం మానేశాం.

రెండోసారి అంకె తీసేసి "ఆధార్ లింక్ చేయించుకోండి" అన్నదే ఉంచాం. ఈసారి వచ్చిన జవాబు "అది ఎప్పుడో చేసేశాం బాబూ". అదీ అబద్ధం కాదు. ఖాతా తెరిచినప్పుడు ఆధార్ జిరాక్సు ఇచ్చారు, బ్యాంకు తన పుస్తకంలో ఆ నంబరు ఎక్కించుకుంది. ఆమె దృష్టిలో అదే లింకు. కాగితం అడుగుతున్నది ఇంకొకటి.

ఇక్కడ కాస్త ఆగి, ఆ ఇంకొకటి ఏమిటో చూడాలి. ప్రభుత్వం ఆధార్ ఆధారంగా డబ్బు పంపేటప్పుడు తల్లి ఖాతా నంబరు చూసి పంపదు, ఆధార్ నంబరు చూసి పంపుతుంది. ఏ ఆధార్ నంబరుకు ఏ బ్యాంకు అన్నది ఎన్‌పీసీఐ అనే సంస్థ దగ్గర ఒక పట్టీలో ఉంటుంది. ఆ పట్టీలో ఒక ఆధార్‌కు ఎదురుగా ఒకే బ్యాంకు పేరు ఉంటుంది. కొత్త బ్యాంకులో ఆ పని చేయిస్తే పాత పేరు పోయి కొత్తది వస్తుంది. కాబట్టి ఒక తల్లికి మూడు ఖాతాలుండి, మూడింట్లోనూ ఆధార్ ఇచ్చి ఉన్నా, డబ్బు చేరేది పట్టీలో పేరున్న బ్యాంకుకే. ఎవరో ఊళ్లో శిబిరం పెట్టి ఖాతా తెరిపించి, ఒప్పుకున్నట్టు సంతకం తీసుకుని ఉంటే, డబ్బు అటు పోతుంది. ఆమె పాత పుస్తకం పట్టుకుని పాత బ్యాంకులో నిలబడి "నాకు రాలేదు" అంటుంది. పట్టీలో ఏ బ్యాంకూ లేకపోతే అసలు ఎక్కడా పడదు.

రాసేవాడికే ఇది తెలియకపోతే వినేవాళ్లకు తెలిసేలా రాయలేడు. మా రెండో ప్రతి విఫలమైంది మాటలు కష్టమై కాదు. మాటలు సులువుగానే ఉన్నాయి, వాటి అర్థమే తప్పు.

మూడోసారి ప్రశ్నే మార్చుకున్నాం. తల్లికి ఏం తెలియాలి అని కాకుండా, బ్యాంకు కౌంటరు దగ్గర ఆమె నోట ఏ మాట రావాలి అని ఆలోచించాం. అక్కడ ఆమెకు దొరికేది అర నిమిషం, వెనక వరస ఉంటుంది. "ఆధార్ లింక్ అయిందా?" అని అడిగితే ఉద్యోగి తెర చూసి "అయింది" అంటాడు, పంపేస్తాడు. అతను చెప్పిందీ నిజమే. అడగవలసింది వేరు: "గవర్నమెంటు డబ్బులు నాకు ఏ బ్యాంకులో పడతాయి? ఈ పుస్తకంలోనే పడేలా ఎన్‌పీసీఐ చెయ్యండి." ఈ మాట ఆమె నోటికి వస్తే పని అయినట్టే. మెసేజ్‌లో మిగతాదంతా ఈ మాట చుట్టూ కట్టిందే.

ఎన్‌పీసీఐ అన్న మాట ఉంచాలా, తీసెయ్యాలా అని మాలో వాదన జరిగింది. సులభంగా చెప్పడమంటే కష్టమైన మాటలన్నీ తీసెయ్యడమని కొందరి అభిప్రాయం. నా మట్టుకు, 'లబ్ధిదారు', 'అనుసంధానం', 'నగదు జమ' పోవాలి, ఎందుకంటే ఆమె వాటిని ఎక్కడా పలకనక్కర్లేదు. ఎన్‌పీసీఐ ఉండాలి, ఎందుకంటే బ్యాంకులో ఆ పనికి ఆ పేరే వాడతారు. అర్థం చెప్పనక్కర్లేదు. మందుల దుకాణంలో బిళ్ల పేరు చెప్పినట్టు చెబితే చాలు. అందుకే మెసేజ్‌లో ఆ మాటను విడివిడిగా, నిదానంగా, రెండుసార్లు పలికిస్తాం.

ఇప్పుడు మేము పంపుతున్న మెసేజ్ ఇది:

"అస్సలాము అలైకుమ్ అమ్మా. కంచిలి నుంచి మన సంఘం తరఫున మాట్లాడుతున్నాను. బడికెళ్లే పిల్లలున్న తల్లులకి ఈ మాట. ఒక్క పనుంది. మీ బ్యాంకుకి వెళ్లాలి. ఆధార్ కార్డు, బ్యాంకు పుస్తకం, మీ ఫోను పట్టుకెళ్లండి. అక్కడ ఇలా అడగండి: గవర్నమెంటు డబ్బులు నాకు ఏ బ్యాంకులో పడతాయి? ఈ పుస్తకంలోనే పడేలా ఎన్‌పీసీఐ చెయ్యండి. మళ్లీ చెప్తున్నాను. ఏ బ్యాంకులో పడతాయి అని అడగండి. ఈ పుస్తకంలోనే పడేలా ఎన్, పీ, సీ, ఐ చెయ్యమనండి. ఆధార్ ఇదివరకే ఇచ్చాం అనుకున్నా సరే, వెళ్లి అడగండి. బడులు తెరవకముందే వెళ్లండి. ఫోనులో ఎవరైనా ఓటీపీ అడిగితే చెప్పకండి, మేమూ అడగం. అనుమానముంటే ఈ నంబరుకే ఫోను చెయ్యండి."

నిదానంగా చదివితే నిమిషం లోపే అయిపోతుంది. అంతకు మించితే మెసేజ్ మధ్యలో ఆగిపోతుందని మా అనుభవం. పొయ్యి మీద కూర ఉంటుంది, పిల్ల ఏడుస్తుంది. రెండు పనులు చెప్పాల్సి ఉంటే రెండు మెసేజ్‌లు వేర్వేరు రోజుల్లో పంపుతాం.

వరస కూడా ఊరికే పెట్టింది కాదు. ఎవరు మాట్లాడుతున్నారో మొదటి ఊపిరిలోనే చెప్పకపోతే, బ్యాంకు పేరు వినగానే మోసగాడేమో అని తీసేస్తారు. అలా అనుమానించడం మంచిదే. తర్వాత ఎవరికోసమో చెబుతాం, పని లేనివారు అక్కడే ఆపేయవచ్చు. కాగితంలో "ఎవరైతే చేయించుకోలేదో వారు" అని మొదలెట్టి చివర్లో పని చెబుతారు. కాగితం మీదైతే కన్ను వెనక్కి పోయి చదువుకుంటుంది. చెవికి ఆ సదుపాయం లేదు కనుక పని ముందు, షరతు తర్వాత.

'రేపు', 'ఎల్లుండి' అన్న మాటలు ఎప్పుడూ వాడం. మన తీరం నుంచి చాలామంది తండ్రులు పనికోసం బయటి ఊళ్లలో ఉంటారు. బడిలో ఇచ్చిన నంబరు చాలా ఇళ్లలో వాళ్లదే. మెసేజ్ ముందు అక్కడికి వెళ్లి, ఆయన తీరిక దొరికాక ఇంటికి పంపుతాడు. నాలుగో రోజున విన్న తల్లికి 'రేపు' ఏ రోజు? అందుకే తేదీ, వారం చెప్పాలి, లేదా అందరికీ తెలిసిన గుర్తు చెప్పాలి. బడులు తెరవడం అలాంటి గుర్తే.

ఇంట్లో ఉర్దూ మాట్లాడే తల్లులకు ఇంకో ప్రతి చేశాం. దాన్ని తెలుగు నుంచి మాటకు మాట మార్చలేదు. చదివే అమ్మాయి తెలుగు మీడియంలో చదివింది కనుక ఉర్దూ మాటలు తెలుగు అక్షరాల్లోనే రాసిచ్చాం, అదీ పుస్తకాల ఉర్దూ కాదు, ఇంట్లో మాట్లాడేదే. "ఆఖరీ మే ఆధార్ జో బ్యాంక్ మే జోడే, పైసే ఉసీచ్ బ్యాంక్ మే ఆతే" అన్న వాక్యం వినగానే ఒక పెద్దావిడ మాకంటే బాగా విషయం విడమరిచి చెప్పింది. తెలుగు ప్రతికీ అంతే. రాసేవాడు యాసను అనుకరించకూడదు, వెటకారంలా ఉంటుంది. మామూలు తెలుగులో రాసి, ఈ ప్రాంతం మనిషితో చదివిస్తే యాస దానంతటదే వస్తుంది.

పంపే ముందు ముగ్గురు తల్లులకు వినిపిస్తాం. "అర్థమైందా అమ్మా?" అని అడిగితే అందరూ "అయింది" అంటారు, మర్యాద కోసం. అందుకని "మీ తోడికోడలు వినలేదనుకోండి, ఆమెకి ఏం చెబుతారు?" అని అడుగుతాం. బ్యాంకులో అడగాల్సిన మాట ఆమె నోట వస్తే మెసేజ్ సరిపోయింది. "ఆధార్ ఇవ్వాలంట" అని వస్తే మళ్లీ రాయాలి. 13,000 సంగతీ, "ఎప్పుడో చేసేశాం" సంగతీ ఈ ప్రశ్న అడిగాకే మాకు తెలిశాయి.

వాయిస్ మెసేజ్ చేయలేనివీ ఉన్నాయి. బటన్ ఫోను ఉన్నవారికి వాట్సాప్ లేదు. వాళ్లకి కార్యకర్త ఫోను చేసి అదే కాగితం చదువుతారు, చివర్లో తోడికోడలి ప్రశ్న అడుగుతారు. అంకెలు చెవిలో నిలవవు కనుక ఖాతా నంబర్లు, ఆధార్ నంబర్లు మెసేజ్‌లో ఉండవు. గ్రూపులో ఏ బిడ్డ పేరూ చెప్పం. పని అయిందో లేదో మెసేజ్‌తో తెలియదు. తల్లి ఆధార్‌కు కలిపిన ఫోనుతో మన దగ్గరకు వస్తే, ఆమె ఎదుటే మైఆధార్ వెబ్‌సైటులో Bank Seeding Status తెరిచి చూపిస్తాం. బ్యాంకు పేరు, పక్కన Active అని కనిపించాలి. ఆ బ్యాంకు పేరు ఆమెకు చదివి వినిపించి, ఇంట్లో ఆ పుస్తకం ఉందా అని అడుగుతాం. బ్యాంకులో అర్జీ ఇచ్చిన వెంటనే ఇది మారకపోవచ్చు, కొన్ని రోజులాగి చూడాలి.

ఇక జవాబులు. వాయిస్‌లో పంపితే జవాబులూ వాయిస్‌లోనే వస్తాయి, వాటిని ఎవరో ఒకరు కూర్చుని వినాలి. మెసేజ్ వెళ్లిన రోజు సాయంత్రం, జీడి పని నుంచి అమ్మలు ఇంటికి చేరే వేళకు, ఆ నంబరు ఉన్న ఫోను ఒక మనిషి చేతిలో ఉండేలా చూసుకుంటున్నాం. రికార్డింగు ఖర్చు ఏమీ లేదు. దాతలు అడుగుతుంటారు కనుక చెబుతున్నాను: ఈ పనిలో మాకు కావలసింది ఆ సాయంత్రాలకు ఇంకో ఇద్దరు మనుషులు, అందులో ఒకరు ఇంటి ఉర్దూ మాట్లాడగలవారు.